రీల్స్ ఎందుకు చూస్తున్నారు? "టైంపాస్" అనే జవాబు దగ్గర ఆగకుండా తెలుసుకోవడం ఎలా

ఇరవై ఏళ్ల వాళ్లను "ఫోన్‌లో ఆ చిన్న చిన్న వీడియోలు ఎందుకు చూస్తారు?" అని అడిగి చూడండి. చాలామంది "ఏముంది, టైంపాస్" అంటారు. మాస్ కమ్యూనికేషన్‌లోనో, సైకాలజీలోనో, సోషియాలజీలోనో ప్రాజెక్టు చేసే విద్యార్థులు ఈ జవాబును ప్రశ్నపత్రంలో ఒక ఆప్షన్‌గా పెడతారు. రెండొందల మంది చేత టిక్కు పెట్టించి, "యువత ప్రధానంగా వినోదం కోసం, కాలక్షేపం కోసం చూస్తున్నారు" అని తేలుస్తారు. అధ్యయనం చేయకముందు కూడా ఆ మాట అందరికీ తెలిసిందే.

మనుషులు మీడియాను ఏ అవసరాల కోసం వాడుకుంటారు, దాన్నుంచి ఏ తృప్తి పొందుతారు అని చూసే యూజెస్ అండ్ గ్రాటిఫికేషన్స్ సిద్ధాంతాన్ని సరిగ్గా వాడుకుంటే ఇంతకంటే చాలా లోతుకు వెళ్లొచ్చు. అందుకు మీరు మార్చుకోవాల్సింది ముఖ్యంగా ఒక్కటే. "మీరు మామూలుగా ఎందుకు చూస్తారు?" అని అడగడం మానేసి, "ఇందాక తెరిచారు కదా, అప్పుడు ఏం కావాలనిపించింది, చివరికి ఏం దొరికింది?" అని అడగాలి. ఆ రెండో ప్రశ్న చుట్టూ ఒక చిన్న అధ్యయనాన్ని ఎలా కట్టుకోవాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఒక్కరే నెలన్నర, రెండు నెలల్లో చేయగలిగిన పని ఇది.

ముందు ప్రశ్నను కుదించుకోండి

"యువత షార్ట్ వీడియోలు ఎందుకు చూస్తారు?" అన్నది మరీ పెద్ద ప్రశ్న. వయసు 18 నుంచి 25 అని గీత గీసుకోండి. చూడటం వేరు, వీడియోలు తీసి పెట్టడం వేరు. రెండింటి వెనక ఉన్న కోరికలు పూర్తిగా వేరు కాబట్టి చూడటం వరకే తీసుకోండి. ఫలానాది కావాలని వెతుక్కుని చూసిన వీడియోను కూడా పక్కన పెట్టండి. వేలితో పైకి తోస్తే తర్వాతది దానంతటదే వచ్చే ఫీడ్ ఒక్కటే మీ విషయం.

తర్వాత ఒక "సిట్టింగ్" అంటే ఏమిటో నిర్ణయించుకోవాలి. ఫీడ్‌లోకి వెళ్లినప్పటి నుంచి, దాన్ని వదిలేసి కనీసం ఐదు నిమిషాలు మళ్లీ వెళ్లకుండా ఉన్నంత వరకు ఒక సిట్టింగ్ అనుకోవచ్చు. ఐదుకు బదులు పది అనుకున్నా ఫర్వాలేదు, కానీ మధ్యలో మార్చకూడదు. ఈ చిన్న నిర్వచనం లేకపోతే ఒకరు రోజుకు నాలుగుసార్లు చూశానని, ఇంకొకరు అరవైసార్లు చూశానని రాస్తారు. ఇద్దరూ నిజమే చెబుతారు, కానీ ఆ అంకెలను పక్కపక్కన పెట్టలేం.

సిద్ధాంతం ఏమంటోంది, ఎక్కడ ఇబ్బంది పడుతోంది

మీడియా మనుషుల్ని ఏం చేస్తోందని కాకుండా, మనుషులు మీడియాతో ఏం చేసుకుంటున్నారని అడగాలన్నది ఈ సిద్ధాంతం పట్టుబట్టే మాట. ఎలిహు కాట్జ్, జే బ్లమ్లర్, మైకేల్ గురెవిచ్ 1974లో దీనికి ఒక రూపం ఇచ్చారు. మనిషికి కొన్ని అవసరాలు ఉంటాయి. ఫలానా మాధ్యమం వాటిని తీరుస్తుందని అనుకుంటాడు. దాన్ని ఎంచుకుంటాడు, కొంత తృప్తి దొరుకుతుంది. అదే అవసరాన్ని తీర్చడానికి స్నేహితుడు, నిద్ర, ఆట లాంటివి కూడా పోటీలో ఉంటాయి. వీటన్నిటి కింద రెండు నమ్మకాలు ఉన్నాయి: చూసేవాడు ఒక ఉద్దేశంతో చూస్తాడు, ఆ ఉద్దేశమేమిటో అడిగితే చెప్పగలడు.

షార్ట్ వీడియోల దగ్గర ఆ రెండు నమ్మకాలూ గట్టిగా నిలబడవు. యాప్‌ను చూసేవాళ్లే ఎంచుకుంటారు, నిజమే. కానీ తర్వాత వచ్చే వీడియోను ఎంచుకునేది వాళ్లు కాదు, యాప్. పైగా చాలాసార్లు చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది. లిఫ్ట్ ఎక్కగానే తీస్తారు, దిగగానే జేబులో పెడతారు. ఎందుకు తీశారని అడిగితే నిజంగానే చెప్పలేరు.

అలాగని సిద్ధాంతాన్ని పక్కన పడేయక్కర్లేదు. ఆలన్ రూబిన్ టెలివిజన్ ప్రేక్షకుల మీద చేసిన పనిలో, 1984 నాటికే, దీనికి ఒక దారి చూపించాడు. కొందరు ఏదో ఒకటి కావాలని పనిగట్టుకుని చూస్తారు. కొందరు అలవాటుకొద్దీ, ఏం వస్తుందన్నది పట్టించుకోకుండా చూస్తారు. ఒకే మనిషి పొద్దున ఒకలా, రాత్రి ఇంకోలా చూడొచ్చు. అంటే ప్రేక్షకుడికి ఉద్దేశం ఉందని ముందే అనుకోవడం మాని, ఎంత ఉందో ప్రతిసారీ కొలవాలి. మీ అధ్యయనం మొత్తం దీని మీదే నిలబడుతుంది.

రెండో ఆసరా ఫిలిప్ పామ్‌గ్రీన్, ఆయన సహచరులు 1980 ప్రాంతంలో చేసిన విభజన. కోరుకున్న తృప్తి వేరు, దొరికిన తృప్తి వేరు. రెండింటినీ విడివిడిగా అడిగితేనే వాటి మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది. "రిలాక్స్ అవడానికి చూస్తాను" అన్న ఒక్క వాక్యంలో ఈ రెండూ కలిసిపోతాయి. రిలాక్స్ అవ్వాలని తెరిచారా, తెరిచాక రిలాక్స్ అయ్యారా అన్నది అందులోంచి ఎప్పటికీ బయటికి రాదు.

కారణాలను వాళ్ల మాటల్లోనే రాబట్టండి

చాలామంది చేసే మొదటి పొరపాటు, పాత పరిశోధన పత్రంలోని ప్రశ్నల పట్టికను తెచ్చి అనువాదం చేసుకోవడం. ఆ పట్టిక టీవీ కోసమో, ఫేస్‌బుక్ కోసమో తయారై ఉంటుంది. తర్వాత ఏం వస్తుందో తెలియని ఆ ఉత్కంఠ, ఏది చూడాలో తేల్చుకునే బాధ లేకపోవడం, నచ్చిన క్షణంలోనే స్నేహితుడికి పంపేయగలగడం వంటివి అందులో ఉండవు. ఫీడ్‌కు ప్రత్యేకమైనవి ఇవే.

అందుకని పన్నెండు, పదిహేను మందిని ఎంచుకుని ఒక్కొక్కరి చేత ఒక పేజీ రాయించండి. రాయడం ఇష్టం లేనివాళ్లతో మాట్లాడి, అనుమతి తీసుకుని రికార్డు చేసుకోండి. "ఎందుకు?" అన్న మాట వాడొద్దు. ఆ మాట వినగానే మనిషి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడతాడు, "కొత్త విషయాలు నేర్చుకుంటాను" లాంటి పెద్దమనిషి జవాబులు వస్తాయి. దానికి బదులు చివరిసారి చూసిన సందర్భాన్ని అడగండి. అప్పుడు ఎక్కడున్నారు, అంతకుముందు ఏం చేస్తున్నారు, ఫీడ్‌లోకి ఎలా వెళ్లారు, ఎలాంటిది రాగానే తోసేశారు, ఎలాంటిది వస్తే ఆగారు, చివరికి ఎందుకు ఆపారు?

ఇంకో మంచి ప్రశ్న ఉంది, అది లేనప్పటి సంగతి అడగడం. 1945లో న్యూయార్క్‌లో పత్రికలు పంచేవాళ్లు సమ్మె చేసి, రెండు వారాలకు పైగా పేపర్లు ఇళ్లకు రాలేదు. బెర్నార్డ్ బెరెల్సన్ ఆ రోజుల్లో పాఠకులను కలిసి, పేపరు లేకపోతే ఏం కోల్పోయినట్టుందని అడిగాడు. మొదట దాదాపు అందరూ ప్రపంచ వార్తలు తెలియడం లేదన్నట్టే మాట్లాడారు. కానీ గుచ్చి అడిగితే, చాలామంది వెలితిగా అనుకున్నది ఫలానా వార్త కోసం కాదు. రోజూ ఆ వేళకు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని చదవడం లేకుండా పోయిందనే. మీరూ అలాగే డేటా అయిపోయిన రోజునో, ఫోన్ రిపేరుకిచ్చిన రోజునో గుర్తు చేసుకోమనండి. ఏ వేళప్పుడు చెయ్యి ఊరికే ఉన్నట్టనిపించింది, ఆ వేళ ఇంకేం చేశారు అని అడగండి. నేరుగా అడిగితే బయటపడనివి ఇక్కడ బయటపడతాయి.

వచ్చిన వాక్యాలను చిన్న చిన్న చీటీలుగా చేసి, ఒకేలా ఉన్నవాటిని ఒక చోట పోగేయండి. ఇంకొకరి చేత కూడా విడిగా పోగేయించండి. మీ పోగులూ వాళ్ల పోగులూ ఎక్కడ తేడా వచ్చాయో అక్కడే మీ వర్గాల హద్దులు సరిగా లేవన్నమాట. డెనిస్ మెక్వెయిల్, ఆయన సహచరులు 1972లో చెప్పిన నాలుగు వర్గాలు చాలామందికి తెలిసే ఉంటాయి: రోజువారీ బాదరబందీ నుంచి తప్పించుకోవడం, మనుషులతో సంబంధం, తన గురించి తాను తెలుసుకోవడం, చుట్టూ ఏం జరుగుతోందో కనిపెట్టుకుని ఉండటం. పోగులు తయారయ్యాక వీటితో పోల్చుకుని ఏమైనా వదిలేశారా అని చూసుకోండి. ముందే ఆ నాలుగు డబ్బాలు పెట్టుకుంటే మాత్రం చీటీలన్నీ వాటిలోకే పోతాయి, కొత్తది ఏదీ దొరకదు.

టైంపాస్‌ను విడగొట్టండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీ పోగుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే అవుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే అధ్యయనం అక్కడితో అయిపోతుంది. చీటీలను మళ్లీ చదివితే ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరు వేరు పరిస్థితులు కనిపిస్తాయి.

మొదటిది ఖాళీ నింపుకోవడం. ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు, రెండు నిమిషాలు దొరికాయి. ఆ ఎదురుచూపు అయిపోగానే ఫోన్ మూసేస్తారు, పెద్దగా తలుచుకోరు కూడా. రెండోది విసుగు. చేతిలో సమయం ఉంది, ఏదీ నచ్చడం లేదు. ఇలాంటప్పుడు ఒక్కో వీడియో మీద రెండు మూడు సెకన్లు కూడా నిలవరు, తోసుకుంటూ పోతారు, ఏదైనా తగులుతుందేమోనని. మూడోది పనిని తప్పించుకోవడం. చేయాల్సిన పని పక్కనే ఉంది, దాని మీద టెన్షన్ ఉంది, అందుకే ఇటు వచ్చారు. ఇలా చూసినవాళ్లే తర్వాత "అనవసరంగా చూశాను" అని రాస్తారు. నాలుగోది అలసట. పని అయిపోయింది, బుర్ర పనిచేయడం లేదు, ఏదో ఒకటి కళ్ల ముందు కదిలితే చాలు.

నాలుగింటికీ "టైంపాస్" అనే టిక్కు పెడతారు. కానీ వాటి వెనక ఉన్న అవసరం వేరు, దొరికేది వేరు, ఆగే చోటు వేరు. వీటిని విడదీయడానికి ఒక ప్రశ్న బాగా పనిచేస్తుంది: "అప్పుడు ఈ యాప్ లేకపోయి ఉంటే ఏం చేసేవారు?" ఊరికే నిలబడేవాణ్ని అంటే ఖాళీ నింపుకోవడం. గేమ్ ఆడేవాణ్ని అంటే విసుగు. చదువుకునేవాణ్ని అంటే తప్పించుకోవడం. పడుకునేవాణ్ని అంటే అలసట. ఎవరికైనా ఫోన్ చేసేదాన్ని అని ఒకమ్మాయి రాసిందనుకోండి, ఆమె టైంపాస్ అన్నది అసలు ఒంటరితనం గురించి. కాట్జ్ వాళ్లు చెప్పిన ఆ పోటీ మాటను ఇంత సులువుగా వాడుకోవచ్చు.

ఇప్పుడు వీటిని వాక్యాలుగా రాసుకోండి. ఒక్కో వాక్యంలో ఒక్కటే విషయం ఉండాలి. "వినోదం కోసం, ఒత్తిడి తగ్గించుకోవడం కోసం" అని కలిపి రాస్తే, ఒకటి అవునని ఇంకోటి కాదని అనుకునేవాళ్లు ఎక్కడ టిక్కు పెట్టాలో తెలియక మధ్యలో పెడతారు. పుస్తకాల భాష వద్దు. "మానసిక ఉపశమనం పొందుటకు" అని ఎవరూ అనుకుని ఫోన్ తీయరు. "బుర్ర కాస్త తేలికపడాలి" అని రాయండి. ఇలాంటివి ఆరు, ఎనిమిది చాలు. రోజూ నింపాల్సిన డైరీ కాబట్టి అంతకు మించితే మూడో రోజుకే మానేస్తారు.

డైరీని ఎలా పెట్టాలి

ముప్పై మందిని తీసుకోండి, ఏడు రోజులు, రోజుకు మూడు సిట్టింగుల చొప్పున రాయించండి. ప్రతి సిట్టింగునూ రాయమంటే ఎవరూ రాయరు. మూడు ఏవి అన్నది వాళ్లకే వదిలేయొద్దు. వదిలేస్తే గుర్తుండిపోయినవే రాస్తారు, అలవాటుగా తెరిచి మూసినవి మాయమైపోతాయి. మీకు ముఖ్యంగా కావాల్సినవి అవే. రోజును మూడు భాగాలు చేసి, ప్రతి భాగంలో మీరు నిర్ణయించిన సమయం దాటాక వచ్చే మొదటి సిట్టింగును రాయమనండి. ఆ సమయాన్ని రోజూ మార్చండి.

రాయాల్సినవి ఇవి. ఫీడ్‌లోకి ఎలా వచ్చారు: కావాలని తెరిచారా, ఎవరో పంపిన లింకు నుంచా, నోటిఫికేషన్ నుంచా, మెసేజ్ చూడటానికి వెళ్లి అటు జారారా? అప్పుడు ఏం కావాలనిపించింది: మీరు రాసుకున్న ఆరు వాక్యాలకూ 1 నుంచి 5 వరకు మార్కులు. అవే ఆరు వాక్యాలకు, చివరికి ఎంత దొరికిందో మళ్లీ మార్కులు. సుమారు ఎంతసేపు అనుకుని తెరిచారు? అప్పుడు ఈ యాప్ లేకపోయి ఉంటే ఏం చేసేవారు? చివరికి ఎందుకు ఆపారు?

"ఏం కావాలనిపించింది" అన్నదానికి "ఏమీ అనుకోలేదు" అనే గడి తప్పనిసరిగా పెట్టండి. ఆ గడి లేకపోతే, ఉద్దేశం లేని చోట కూడా మీ ప్రశ్నే ఉద్దేశాన్ని పుట్టిస్తుంది. ఈ గడికి పడ్డ టిక్కును లెక్కల్లో 1గా మార్చడం కూడా తప్పే. 1 అంటే "అది నాకు అక్కర్లేదనిపించింది" అని. ఏమీ అనుకోలేదనడం వేరే సంగతి, దాన్ని విడిగా లెక్కపెట్టాలి. ఎవరి సిట్టింగుల్లో అవి ఎన్ని ఉన్నాయన్నదే రూబిన్ చెప్పిన అలవాటు చూపుకు మీ దగ్గరున్న కొలత.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏం కావాలనిపించిందో తెరవకముందే రాయమంటే, రాయడం కోసం మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. అలవాటుగా జరిగేది కాస్తా ఆలోచించి చేసే పనైపోతుంది. అలాగని అంతా అయ్యాక అడిగితే, దొరికినదాన్ని బట్టి "నాకు కావాల్సింది ఇదే" అని వెనక్కి సర్దుకుంటాడు. రెండింటికీ దోషం ఉంది. రోజులో రెండు సిట్టింగులు ముగిశాక, ఒకటి తెరవకముందు అడిగేలా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. రెండు రకాల జవాబులూ బాగా తేడాగా వస్తే ఆ తేడానే ఫలితాల్లో రాయాలి.

ఆపడానికి కారణం అడగడం చాలామంది మరిచిపోతారు. "చాలు అనిపించి ఆపాను" వేరు. బ్యాటరీ అయిపోయి, ఎవరో పిలిచి, దిగాల్సిన చోటు వచ్చి, ఫోన్ పట్టుకునే నిద్రపోయి ఆగడం వేరు. తృప్తి దొరికింది కాబట్టి ఆపారని మీరు చెప్పాలంటే మొదటి రకం ఎక్కువగా ఉండాలి. రెండో రకమే ఎక్కువైతే ఆ మాట చెప్పలేరు.

ఎంతసేపు చూశారన్నది వాళ్ల నోటి లెక్క మీద వదిలేయొద్దు. మనుషులు తమ ఫోన్ వాడకాన్ని సరిగా అంచనా వేయలేరని, ఫోన్ నమోదు చేసిన సమయంతో పోల్చిన అధ్యయనాలు మళ్లీ మళ్లీ చూపించాయి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూసి రాయమనండి. కానీ వాటికీ ఒక పరిమితి ఉంది. అవి యాప్ మొత్తం సమయాన్ని చూపిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ ఎంతసేపు, మెసేజీలు ఎంతసేపు అన్నది అందులో విడిగా రాదు. యూట్యూబ్‌లో షార్ట్స్ సంగతీ అంతే. కాబట్టి ఆ అంకెను "రీల్స్ చూసిన సమయం" అని రాయకండి.

మొదలుపెట్టేముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఏ వీడియోలు చూశారో చెప్పమని అడగొద్దు, వాచ్ హిస్టరీ స్క్రీన్‌షాట్లు అసలే వద్దు. మీ ప్రశ్నకు అవి అక్కర్లేదు.

ఒక రోజు డైరీని చదివి చూద్దాం

ఇది వివరించడానికి నేను ఊహించి రాసిన డైరీ. ఇరవై రెండేళ్ల అమ్మాయి, పరీక్షలకు చదువుకుంటోంది అనుకుందాం.

పొద్దున. స్నేహితురాలు ఒక వీడియో లింకు పంపింది. "తను పంపినది చూసి తనతో మాట్లాడాలి" అన్న వాక్యానికి కోరుకున్నది 5, దొరికింది 5. మిగతావన్నీ 1. రెండు నిమిషాలనుకుని తెరిచింది. ఆ ఒక్క వీడియో అయ్యాక వేలు పైకి జరిగింది, ఇరవై నిమిషాలు గడిచాయి. అమ్మ పిలిస్తే ఆపింది.

మధ్యాహ్నం. చదువు మధ్యలో కావాలని తెరిచింది. "బుర్ర కాస్త తేలికపడాలి" కోరుకున్నది 5, దొరికింది 3. "పనికొచ్చేది తెలుసుకోవాలి" కోరుకున్నది 1, దొరికింది 4, ఎందుకంటే ఇంటర్వ్యూల గురించి ఒక మంచి వీడియో తగిలింది. యాప్ లేకపోతే చదువుకునేదాన్ని అని రాసింది. చాలు అనిపించి ఆపింది.

రాత్రి. మెసేజ్ చూడటానికి వెళ్లి జారింది. "ఏమీ అనుకోలేదు" గడిలో టిక్కు. దొరికినవాటిలో బుర్ర తేలికపడటానికి 2, మిగతావన్నీ 1. యాప్ లేకపోతే పడుకునేదాన్ని అని రాసింది. నిద్ర ముంచుకొచ్చి ఆగింది.

ఇప్పుడు ఇదే అమ్మాయిని వారం చివర మామూలు ప్రశ్నపత్రంతో అడిగితే ఏమంటుంది? బహుశా "రిలాక్స్ అవడానికి, కొత్త విషయాలు తెలుసుకోవడానికి" అంటుంది. అబద్ధం కాదు. మధ్యాహ్నం సిట్టింగు నుంచి అవి నిజంగానే వచ్చాయి. కానీ డైరీ ఇంకా చాలా చెబుతోంది. పొద్దున కోరుకున్నది మొదటి రెండు నిమిషాల్లోనే పూర్తిగా దొరికింది. తర్వాతి పద్దెనిమిది నిమిషాలకు ఆ కోరికతో సంబంధం లేదు. ఇరవై నిమిషాలనూ "స్నేహం కోసం" అని లెక్కేస్తే తప్పు. అందుకే ఎంతసేపు అనుకుని తెరిచారన్న ప్రశ్న పెట్టాం.

మధ్యాహ్నం తేలికపడటంలో లోటు రెండు మార్కులు. తెలుసుకోవడంలో మాత్రం కోరకుండానే మూడు మార్కులు ఎక్కువ దొరికాయి. తనకేం కావాలో ఆమె అడగకుండానే ఫీడ్ ఊహించి తెచ్చి ఇస్తోంది కాబట్టి, ఇలా వెతకకుండా దొరికేవి ఇక్కడ ఎక్కువగా ఉండొచ్చు. "తెలుసుకోవడానికి చూస్తాను" అని వారం చివర చెప్పేది బహుశా ఇలాంటి క్షణాన్ని గుర్తు చేసుకునే. అది తెరవడానికి కారణం కాదు, తెరిచాక దొరికినది.

ఇక రాత్రి సిట్టింగుకు లోటు లెక్క వేయలేం, కోరుకున్నది ఏమీ లేదు కాబట్టి. దాన్ని సున్నా లోటుగా రాస్తే "అనుకున్నంతా దొరికింది" అని అర్థం వచ్చేస్తుంది. విడిగా ఉంచండి.

అందరి డైరీలూ కలిపేటప్పుడు

ముప్పై మంది, ఏడు రోజులు, మూడేసి సిట్టింగులు అంటే 630 వరుసలు. ఇవి 630 మంది మనుషులు కారు. ఎక్కువ జోరుగా రాసిన నలుగురు మొత్తం ఫలితాన్ని తమవైపు లాగేస్తారు. అందుకని ముందు ఒక్కొక్కరికీ వాళ్ల సొంత సగటు తీసి, తర్వాత ఆ ముప్పై సగటులను చూడండి. ఒకే మనిషి నుంచి చాలా వరుసలు వచ్చాయన్న సంగతిని లెక్కలోకి తీసుకునే మల్టీలెవెల్ మోడల్ వేయడం వచ్చినవాళ్లు అది వేయొచ్చు.

దొరికిన దాంట్లోంచి కోరుకున్నది తీసేసి, ఆ తేడా ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. 5 కోరి 5 పొందినా తేడా సున్నా, 1 కోరి 1 పొందినా సున్నా. పైగా 5 కోరినవాళ్లకు అంతకంటే ఎక్కువ దొరికే వీలే లేదు, కొలత అక్కడితో ఆగిపోతుంది. కోరుకున్నది అడ్డంగా, దొరికింది నిలువుగా పెట్టి ఒక బొమ్మ గీయండి. కోరి పొందినవి, కోరి పొందనివి, కోరకుండా పొందినవి ఎక్కడెక్కడ గుంపు కట్టాయో కళ్లకు కనిపిస్తాయి.

లోటు ఉన్నా మళ్లీ ఎందుకు తెరుస్తున్నారన్నది చాలామందికి వచ్చే ప్రశ్న. అప్పుడప్పుడు అనుకోకుండా దొరికే మంచి వీడియోనే మళ్లీ లాగుతోందని అనుకోవచ్చు, కానీ అనుకోవడంతో సరిపోదు. కోరకుండా ఎక్కువ దొరికిన సిట్టింగు తర్వాత వాళ్లు మళ్లీ తెరవడానికి ఎంత వ్యవధి తీసుకున్నారో, ఉత్తగా పోయిన సిట్టింగు తర్వాత ఎంత తీసుకున్నారో పోల్చండి. మళ్లీ తెరిచిన సమయాన్ని డైరీలో ఒక గడిగా పెడితే ఇది సాధ్యమవుతుంది. రెండు వ్యవధులూ ఒకేలా ఉంటే, దొరికిన తృప్తి కాదు, వేళా చోటూ కలిసి తెరిపిస్తున్నాయన్న అనుమానానికి బలం వస్తుంది.

ఏయే వాక్యాలకు మార్కులు కలిసి పెరిగి తగ్గుతున్నాయో చూసి వాటిని గుంపులు చేసే ఫ్యాక్టర్ అనాలిసిస్‌ను ఈ డైరీతో చేయొద్దు, ముప్పై మంది దానికి చాలరు. వాక్యాలను పెద్ద ప్రశ్నపత్రంగా మార్చి రెండొందల మందికి పైగా ఇచ్చినప్పుడే ఆ పని. అప్పుడు కూడా, ఒక గుంపులోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటిందని సంబరపడకుండా వాక్యాలను చదివి చూడండి. ఒకే మాటను నాలుగు రకాలుగా తిప్పి రాస్తే ఆల్ఫా ఎటూ పెరుగుతుంది.

ఫలితాలు రాసేటప్పుడు

మీ దగ్గరున్నవి మనుషులు తమ గురించి తాము చెప్పిన మాటలు. తాము ఒక పని ఎందుకు చేశామో మనుషులు చాలాసార్లు సరిగా చెప్పలేరని, నమ్మశక్యంగా ఉన్న కారణాన్ని చెప్పేస్తారని రిచర్డ్ నిస్బెట్, తిమొతీ విల్సన్ 1977లోనే గట్టిగా వాదించారు. చివరి సిట్టింగు గురించి, వెంటనే అడగడం వల్ల ఈ ఇబ్బంది తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకని "యువత అలసట వల్ల చూస్తున్నారు" అని రాయకండి. "అలసిపోయానని చెప్పిన సిట్టింగుల్లో బుర్ర తేలికపడాలన్న కోరికకు ఎక్కువ మార్కులు వచ్చాయి, దొరికినదానికి తక్కువ వచ్చాయి" అని రాస్తే మీ డేటా దాన్ని మోయగలదు.

అలాగే దీన్నుంచి వ్యసనం గురించి, చదువు దెబ్బతినడం గురించి తీర్పులు ఇవ్వొద్దు. చూడటం వల్ల ఏం జరిగిందన్నది ఈ పద్ధతి కొలవలేదు. యాప్ వైపు నుంచి జరిగేది కూడా ఇందులో కనిపించదు. ఏ వీడియో ముందు పెట్టాలి, ఎప్పుడు నోటిఫికేషన్ పంపాలి అన్నవి కంపెనీ నిర్ణయాలు. వాటి ప్రభావాన్ని కూడా చూసేవాళ్ల అవసరంగా రాసేస్తే, చూసేవాళ్ల నెత్తిన అనవసరంగా భారం వేసినట్టవుతుంది. ఎలా లోపలికి వచ్చారు, ఎందుకు ఆపారు అన్న రెండు గడుల్లో ఆ ప్రభావపు ఆనవాళ్లు కొన్ని దొరుకుతాయి. నోటిఫికేషన్ నుంచి వచ్చినవి, మెసేజ్ నుంచి జారినవి, బయటి కారణంతో మాత్రమే ఆగినవి ఎన్నో లెక్కతీసి, "ఏమీ అనుకోలేదు" సంఖ్య పక్కనే ఒకే పట్టికలో పెట్టండి. తృప్తుల పట్టిక కంటే ముందు పాఠకులకు చూపించాల్సింది ఆ పట్టికనే, ఎందుకంటే మిగతా సిట్టింగులకు మాత్రమే మీరు కారణాలు చెప్పబోతున్నారు.